వెళ్లని ప్రయాణం, రాబట్టాల్సిన డబ్బు

వ్యాపార పని మీద విదేశానికి వెళ్లాల్సిన ప్రయాణం ఆగిపోతే, కట్టిన సొమ్ములో ఎంత వెనక్కి వస్తుందన్నది మొదట ఒక్క ప్రశ్న మీదే ఆధారపడుతుంది. రద్దు చేసింది ఎవరు? విమాన సంస్థే విమానాన్ని రద్దు చేస్తే ప్రయాణికుడు దాదాపు అడిగి గెలిచినట్టే. ఐరోపా యూనియన్‌లో 2004 నాటి 261వ నిబంధన ప్రకారం, అలాంటప్పుడు టికెట్టు డబ్బు ఏడు రోజుల్లో నగదుగానో బ్యాంకు ద్వారానో తిరిగి ఇవ్వాలి. దానికి బదులు వోచరు అంటగట్టాలంటే ప్రయాణికుడు సంతకంతో ఒప్పుకోవాలి. ఐరోపా యూనియన్ విమానాశ్రయం నుంచి బయల్దేరే ఏ సంస్థ విమానానికైనా ఇది వర్తిస్తుంది. హైదరాబాద్ నుంచి అక్కడికి వెళ్లే విమానానికి మాత్రం, అది ఐరోపా యూనియన్ సంస్థది అయితేనే వర్తిస్తుంది. గల్ఫ్ సంస్థ విమానంలో దోహా మీదుగానో దుబాయ్ మీదుగానో వెళ్లేవారికి, వెళ్లేటప్పుడు ఈ రక్షణ ఉండదు. తిరిగి వచ్చేటప్పుడు ఉంటుంది.

ప్రయాణికుడే మానుకుంటే కథ వేరు. అప్పుడు చట్టం కన్నా ముందు ఒప్పందం మాట్లాడుతుంది. టికెట్టు కొన్న ధర తరగతికి ఉన్న నియమాలు, హోటల్ గది తీసుకున్న రేటుకు ఉన్న షరతులు, వీటిలో రాసి ఉన్నదే మొదటి మాట. సమావేశం వాయిదా పడినా, ఆహ్వానించిన కంపెనీ వద్దన్నా, ప్రయాణించాల్సిన అధికారికి జ్వరం వచ్చినా విమాన సంస్థ దృష్టిలో ఇవన్నీ ఒకటే: సీటు ఉంది, విమానం ఎగిరింది, మనిషి రాలేదు. ప్రదర్శనే రద్దయినా హోటల్ వాదన మారదు. 2020 ఫిబ్రవరిలో బార్సిలోనాలో జరగాల్సిన మొబైల్ వరల్డ్ కాంగ్రెస్ కొద్ది రోజుల ముందు రద్దయింది. ఊళ్లో హోటళ్లు మాత్రం తెరిచే ఉన్నాయి. గది సిద్ధంగా ఉన్నంతవరకు, ఆ ఊరికి రావాల్సిన పని పోయిందన్నది అతిథి నష్టమే తప్ప హోటల్ తప్పు కాదు.

తెలుగు రాష్ట్రాల నుంచి వెళ్లేవారికి ఎక్కువగా ఎదురయ్యే అడ్డంకి వీసా. హైదరాబాద్ శివార్లలోని ఒక మందుల తయారీ కంపెనీని ఊహించుకుంటే విషయం సులువుగా తెలుస్తుంది. 2025 అక్టోబరు 28 నుంచి 30 వరకు ఫ్రాంక్‌ఫర్ట్‌లో సీపీహెచ్ఐ ఔషధ ప్రదర్శన జరిగింది. దానికి వెళ్లాల్సిన అధికారి కోసం కంపెనీ ఒక ఐరోపా సంస్థ విమానంలో 72,000 రూపాయలకు రానూపోనూ ఎకానమీ టికెట్టు కొన్నది. హోటల్ వెబ్‌సైట్‌లోనే నేరుగా 27వ తేదీ నుంచి నాలుగు రాత్రులకు, అల్పాహారంతో కలిపి, రాత్రికి 180 యూరోల చొప్పున 720 యూరోలు ముందే కట్టింది. రెండూ చౌకగా దొరికే 'డబ్బు వాపసు లేని' రకమే. షెంగెన్ వీసాకు ఆరు నెలల ముందు నుంచే దరఖాస్తు చేయవచ్చు. నిర్ణయానికి మామూలు గడువు 15 రోజులు, అవసరమనుకుంటే 45 రోజుల దాకా పెంచవచ్చు. కంపెనీ మూడు వారాల ముందు దరఖాస్తు చేసి, 15 రోజుల లెక్క మీదే నమ్మకం పెట్టుకుంది. 25వ తేదీ వచ్చినా పాస్‌పోర్టు కాన్సులేట్‌లోనే ఉంది.

ఇక్కడ చేయాల్సిన మొదటి పని ఉత్తరం రాయడం కాదు, సీటును రద్దు చేయడం. సీటును వదులుకోవడం ఒక పని, డబ్బు అడగడం మరో పని. చాలామంది ఈ రెంటినీ కలిపి ఒక్క ఈమెయిల్‌లో రాసి, జవాబు కోసం ఎదురుచూస్తూ విమానం వెళ్లిపోనిస్తారు. అప్పుడు రికార్డులో 'నో-షో' అని పడుతుంది. అనేక ధర తరగతుల్లో బయల్దేరకముందు రద్దు చేస్తే ఒక జరిమానా, నో-షో అయితే అంతకన్నా పెద్ద జరిమానా ఉంటుంది. తేదీల దగ్గర ఇంకో పొరపాటుకు తావుంది. హైదరాబాద్ నుంచి ఐరోపా వెళ్లే విమానాలు చాలావరకు అర్ధరాత్రి దాటాక బయల్దేరతాయి. 27వ తేదీ వేకువజామున వెళ్లే విమానాన్ని 27 ఉదయం ఆఫీసు తెరిచాక రద్దు చేద్దామనుకుంటే అది అప్పటికే ఎగిరిపోయి ఉంటుంది.

అలాగని మరీ తొందరపడటమూ లాభం కాదు. జరిమానా ఈ రోజైనా చివరి రోజైనా ఒకటే అని నియమాల్లో ఉంటే, బయల్దేరే ముందు రోజు దాకా ఆగడంలో ఒక అవకాశం ఉంది. ఈలోపు విమాన సంస్థే ఆ విమానాన్ని రద్దు చేసిందంటే, వాపసు లేని టికెట్టు కూడా పూర్తి వాపసుకు అర్హమవుతుంది. అమెరికాలో 2024 నుంచి అమల్లో ఉన్న నియమం ప్రకారం, అంతర్జాతీయ ప్రయాణంలో సమయం ఆరు గంటలు, అంతకు మించి మారినా ప్రయాణికుడు ఆ మార్పును ఒప్పుకోకుండా డబ్బు అడగవచ్చు. క్రెడిట్ కార్డుతో కట్టినవారికి ఏడు పని దినాల్లో అది రావాలి. ప్రయాణికుడు ముందే తొందరపడి రద్దు చేసుకుంటే ఈ హక్కులు చేజారతాయి.

హోటల్ విషయంలో ఈ ఆగడం పనికిరాదు. ఎంత ముందు చెబితే ఆ గది మరొకరికి పోయే అవకాశం అంత ఎక్కువ. అది తర్వాత ఎంత పనికొస్తుందో కింద తెలుస్తుంది. ఉచితంగా రద్దు చేసుకునే గడువు ఉన్న రేటైతే, ఆ గడువు హోటల్ ఉన్న ఊరి సమయమే. ఫ్రాంక్‌ఫర్ట్‌లో సాయంత్రం ఆరు అంటే వేసవిలో మనకు రాత్రి తొమ్మిదిన్నర. అక్టోబరు చివరి ఆదివారం అక్కడ గడియారాలు గంట వెనక్కి తిప్పుతారు కాబట్టి ఆ తర్వాత పదిన్నర. రద్దు చేయగానే హోటల్ ఇచ్చే రద్దు నంబరును, సమయం కనిపించేలా స్క్రీన్‌షాట్‌ను దాచుకోవాలి. అవి లేకపోతే రద్దు చేశామన్నది మాటగానే మిగులుతుంది.

డబ్బు అడిగే ముందు నంబర్లు సరిచూసుకోవాలి. విమానం టికెట్టుకు రెండు నంబర్లు ఉంటాయి. ఆరు అక్షరాలు, అంకెల పీఎన్ఆర్ ఒకటి. ఏజెంటు ద్వారా కొంటే ఏజెంటు కంప్యూటర్‌లోని పీఎన్ఆర్, విమాన సంస్థ దగ్గరి పీఎన్ఆర్ వేరువేరుగా ఉండవచ్చు. విమాన సంస్థకు రాసేటప్పుడు దాని పీఎన్ఆర్‌నే ఇవ్వాలి. రెండోది 13 అంకెల టికెట్టు నంబరు. మొదటి మూడు అంకెలు సంస్థను సూచిస్తాయి. పీఎన్ఆర్ సీటు బుకింగ్‌కు సంబంధించినది, ప్రయాణ తేదీ గడిచాక కొన్నాళ్లకు వ్యవస్థలోంచి తొలగిపోతుంది. డబ్బు ముడిపడి ఉన్నది టికెట్టు నంబరుతో. రీఫండు విభాగంలో కూర్చున్నవారు మొదట వెతికేది దాన్నే, అయినా అది లేకుండా వెళ్లే ఉత్తరాలకు లెక్కలేదు. హోటల్‌కు కూడా ఇలాగే బుకింగ్ సైటు ఇచ్చిన నంబరు, హోటల్ సొంత కన్ఫర్మేషన్ నంబరు రెండూ ఉండవచ్చు.

ఎవరికి రాయాలన్నది తేల్చేది కార్డు స్టేట్‌మెంటు. డబ్బు తీసుకున్నది ఎవరి పేరుతో కనిపిస్తే వాపసు ఇవ్వాల్సింది వారే. బుకింగ్ సైటు పేరు ఉంటే హోటల్‌ను ఎంత బతిమాలినా ఆ సొమ్ము వారి దగ్గర లేదు. హోటల్ చేయగలిగేదల్లా, 'మాకు అభ్యంతరం లేదు' అని సైటుకు చెప్పడమే. ఏజెంటు ఇచ్చిన విమానం టికెట్టుకైతే వాపసు ఏజెంటు ద్వారానే, కట్టిన మార్గంలోనే వెనక్కి వస్తుంది. కంపెనీ కార్డుతో కట్టిన డబ్బును అధికారి సొంత ఖాతాకు పంపమంటే కుదరదు.

ఇక 72,000 రూపాయల టికెట్టును విప్పి చూడాలి. ఈ-టికెట్టు రసీదులో మొత్తం ఒకేచోట ఉన్నా దాని కింద ముక్కలు రాసి ఉంటాయి. మన ఉదాహరణలో అసలు ఛార్జీ 40,000, YQ లేదా YR అనే గుర్తుతో సంస్థ వేసిన సర్‌ఛార్జీ 16,000, K3 అనే గుర్తుతో ఐదు శాతం జీఎస్టీ 2,800, మిగతా 13,200 రెండు దేశాల విమానాశ్రయ రుసుములూ పన్నులూ అనుకుందాం. ఈ చివరి భాగంలో జర్మనీ విమానయాన పన్ను OY అనీ, ప్రయాణికుల సేవా రుసుము RA అనీ కనిపిస్తుంది. సర్‌ఛార్జీ కూడా పన్ను పక్కనే కనిపించడంతో అదీ పన్నే అనిపిస్తుంది. కానీ అది సంస్థ జేబులోకి వెళ్లేది. ఛార్జీ వాపసు లేకపోతే సాధారణంగా అదీ రాదు.

విమానాశ్రయ రుసుములు, ప్రభుత్వ పన్నులు వేరు. మనిషి ఎక్కకపోతే సంస్థ వాటిని ఎవరికీ కట్టక్కర్లేదు. అందుకే భారత డీజీసీఏ నిబంధన, అసలు ఛార్జీ వాపసు లేని ప్రత్యేక ధరల్లోనూ, నో-షో అయినా సరే, ఈ భాగాన్ని తిరిగి ఇవ్వాలంటుంది. రద్దు జరిమానా అసలు ఛార్జీ, ఇంధన సర్‌ఛార్జీల మొత్తాన్ని మించకూడదనీ అంటుంది. విదేశీ సంస్థలు తమ దేశ నియమాల ప్రకారం వాపసు ఇవ్వవచ్చని అదే నిబంధన చెబుతుంది కాబట్టి, వాటి ముందు ఈ ఒక్క వాదనతోనే ఆగకూడదు. జర్మనీలో అత్యున్నత సివిల్ కోర్టు 2018లో, చౌక టికెట్టు ఛార్జీని వెనక్కి ఇవ్వబోమన్న షరతు చెల్లుతుందని తేల్చింది. అంటే జర్మన్ చట్టం కింద అసలు ఛార్జీ కోసం పోరాడటం దాదాపు వృథా. పన్నుల భాగం మాత్రం ఎగరని ప్రయాణికుడికి అక్కడా తిరిగి ఇచ్చేదే. కాబట్టి మన కంపెనీ గట్టిగా నిలబడి అడగగలిగేది 13,200. జీఎస్టీ సంగతి అంత సూటిగా ఉండదు. సంస్థ ఛార్జీని ఉంచుకుంటే దాని మీది జీఎస్టీని కూడా ఉంచుకుంటుంది.

అసలు ఛార్జీ కోసం ఒక తలుపు మాత్రం తెరిచి ఉండవచ్చు. ధర నియమాల్లో జరిమానాలకు ప్రత్యేక విభాగం ఉంటుంది. ప్రయాణికుడో దగ్గరి బంధువో చనిపోతే జరిమానా లేదన్న మాట అందులో తరచు కనిపిస్తుంది. కొన్ని ధరల్లో, వీసా తిరస్కరిస్తే కాన్సులేట్ పత్రం చూపి ఛార్జీ లేకుండా వాపసు తీసుకోవచ్చన్న వాక్యం కూడా ఉంటుంది. బుకింగ్ రోజున వచ్చిన ఈమెయిల్‌లో ఈ విభాగం మొత్తం ఉండకపోవచ్చు. టికెట్టు నంబరు చెప్పి, 'ఈ టికెట్టుకు వర్తించే జరిమానాల విభాగాన్ని పూర్తిగా పంపండి' అని ఏజెంటునో సంస్థనో అడిగితే ఇస్తారు. షెంగెన్ తిరస్కరణకు నిర్ణీత ఫారం ఉంటుంది, కారణాలు వరుస సంఖ్యలతో ఉండి గుర్తు పెట్టి ఇస్తారు. ఆ ఫారమే సాక్ష్యం.

మన ఉదాహరణలోని అధికారికి ఇబ్బంది ఇక్కడే. అతనికి వీసా తిరస్కరించలేదు, ఆలస్యమైంది. నియమం 'తిరస్కరణ' అంటే ఆలస్యం దాని కిందికి రాదు. దరఖాస్తు వెనక్కి తీసుకున్నా రాదు. ఆ వాక్యాన్ని సాగదీసి హక్కుగా రాస్తే అవతలివారు రెండు ముక్కల్లో కొట్టేస్తారు. హక్కుగా 13,200 అడిగి, ఛార్జీ విషయంలో మాత్రం కాన్సులేట్ రసీదు జతచేసి, ప్రత్యేక పరిశీలనగా తేదీ మార్పో, తర్వాతి ప్రయాణానికి క్రెడిట్టో కోరడం మేలు. హక్కు, మనవి ఒకే పేరాలో కలిసిపోతే హక్కు కూడా మనవిలా కనిపిస్తుంది.

హోటల్ దగ్గర లెక్క మరింత ఆసక్తికరం. ఆన్‌లైన్‌లో కొన్నది 14 రోజుల్లో వద్దనుకోవచ్చన్న ఐరోపా వినియోగదారుల హక్కును కొందరు ఉదహరిస్తారు. నిర్దిష్ట తేదీలకు తీసుకున్న బస ఆ హక్కు నుంచి మినహాయింపు, కాబట్టి అది పనికిరాదు. జర్మనీలో పనికొచ్చేది సివిల్ కోడ్ 537వ సెక్షన్. గదిని వాడుకోకపోయినా అతిథి అద్దె కట్టాల్సిందే అని అది మొదట హోటల్ పక్షమే చెబుతుంది. కానీ అతిథి రాకపోవడం వల్ల హోటల్‌కు మిగిలిన ఖర్చును, ఆ గదిని మరొకరికి ఇచ్చి సంపాదించిన సొమ్మును అందులోంచి తీసేయాలంటుంది. మిగిలిన ఖర్చును ప్రతిసారీ లెక్కించలేరు కాబట్టి వాడుకలో ఒక అంచనా స్థిరపడింది. గది మాత్రమే అయితే హోటల్ 90 శాతం ఉంచుకుంటుంది, అల్పాహారంతో అయితే 80 శాతం.

ఆ లెక్కన మన కంపెనీ కట్టిన 720 యూరోల్లో హోటల్‌కు చెందేది 576. కనీసం 144 యూరోలు అడగవచ్చు. ప్రదర్శన రోజుల్లో ఆ ఊళ్లో గదులకు గిరాకీ ఎక్కువ. 25వ తేదీనే గది వదిలారు కాబట్టి అది మరొకరికి పోయి ఉండవచ్చు. 28, 29 రాత్రులు అదే ధరకు అమ్ముడుపోయిందని హోటల్ ఒప్పుకుంటే ఆ రెండు రాత్రుల 360 యూరోలు పూర్తిగా వెనక్కి రావాలి. మిగతా రెండు రాత్రుల 360లో 80 శాతం, అంటే 288 మాత్రమే హోటల్‌ది. అప్పుడు వాపసు 432 అవుతుంది. ఆ రాత్రుల్లో హోటల్‌లో ఇంకా ఖాళీ గదులు మిగిలి ఉంటే, కొత్త అతిథి ఎలాగూ వచ్చేవాడే, మీ గది వల్ల కాదు అని హోటల్ అనగలదు. అందుకే 'ఆ తేదీల్లో హోటల్ పూర్తిగా నిండిందా' అన్నది ఉత్తరంలో తప్పక ఉండాల్సిన ప్రశ్న. ఈ వాదన జర్మన్ చట్టం వర్తించే ఒప్పందానికే పనికొస్తుంది. సింగపూర్‌లోనో దుబాయ్‌లోనో ఉన్న హోటల్‌కు ఇదే సెక్షన్ రాసి పంపితే ఫలితం ఉండదు.

ఉత్తరం ఇంగ్లీషులో, ఒక పేజీ దాటకుండా ఉండాలి. సబ్జెక్టు లైన్‌లోనే నంబరు, ప్రయాణ తేదీ, రీఫండు అన్న మాట ఉండాలి. హోటల్‌కు రాసేదాని సారం తెలుగులో ఇలా ఉంటుంది: 'ఫలానా కన్ఫర్మేషన్ నంబరుపై అక్టోబరు 27 నుంచి 31 వరకు నాలుగు రాత్రులకు మా అధికారి పేరిట గది తీసుకుని, ఫలానా తేదీన కంపెనీ కార్డుతో 720 యూరోలు కట్టాం. వీసా సకాలంలో రానందున అక్టోబరు 25న రద్దు చేశాం, మీ రద్దు నంబరు ఇది. ఈ రేటుకు వాపసు లేదన్న షరతు మాకు తెలుసు. అయితే 537వ సెక్షన్ ప్రకారం మీకు మిగిలిన ఖర్చు తగ్గించి కనీసం 144 యూరోలు తిరిగి ఇవ్వవలసిందిగా కోరుతున్నాం. ఆ రాత్రుల్లో గదిని మరొకరికి ఇచ్చారా, హోటల్ పూర్తిగా నిండిందా అన్నది తెలియజేయండి. ఇచ్చి ఉంటే ఆ మొత్తాన్ని కూడా కలపండి. కట్టిన కార్డుకే జమ చేయగలరు. 14 రోజుల్లో జవాబు ఆశిస్తున్నాం.' వ్యతిరేక షరతును ముందే ఒప్పుకోవడం వల్ల, అదే షరతును అతికించిన రెడీమేడ్ జవాబుకు అవతలివారికి వీలు తగ్గుతుంది.

విమాన సంస్థకు ఈమెయిల్ కన్నా దాని వెబ్‌సైట్‌లోని రీఫండు ఫారమే దారి, ఎందుకంటే అక్కడ కేసు నంబరు పడుతుంది. పన్నుల్ని గుర్తులతో సహా విడివిడిగా రాసి, మొత్తం 13,200 అని తేల్చి చెప్పాలి. 'వీలైనంత వాపసు ఇవ్వండి' అని వదిలేస్తే సున్నా కూడా వీలైనంతే అవుతుంది. రావాల్సిన దానికన్నా తక్కువ జమైతే ముక్కల లెక్క అడగాలి. ఏజెంటు సేవా రుసుము కోసుకుని ఉంటే ఆ తేడా అక్కడ బయటపడుతుంది.

జవాబు రాకపోతే పై మెట్లు ఉన్నాయి. విమాన సంస్థల మీద ఫిర్యాదుకు మన పౌర విమానయాన శాఖ ఎయిర్‌సేవా పోర్టల్ ఉంది. ఐరోపా నిబంధన వర్తించే కేసులకు జర్మనీలో విమానయాన సమాఖ్య కార్యాలయం ఉంది. కార్డు ఇచ్చిన బ్యాంకు ద్వారా ఛార్జ్‌బ్యాక్ కోరవచ్చు, దానికి సాధారణంగా 120 రోజుల గడువు. వాపసు ఇస్తామని ఒప్పుకుని ఇవ్వని సంస్థ మీద అది బాగా పనిచేస్తుంది. షరతు ముందే చూపించి అమ్మిన వాపసు లేని గది మీద మాత్రం బ్యాంకు హోటల్ పక్షమే తేల్చే అవకాశం ఎక్కువ. మన వినియోగదారుల కమిషన్‌కు వెళ్లదలచిన కంపెనీ మరో సంగతి చూసుకోవాలి. 2019 చట్టం వాణిజ్య అవసరానికి సేవ కొన్నవారిని వినియోగదారుల నిర్వచనం నుంచి మినహాయించింది. వ్యాపార ప్రయాణం మీద అవతలి పక్షం మొదట లేవనెత్తే అభ్యంతరం అదే.

వాపసు ఇచ్చామని అవతలివారు చెప్పినా ఖాతాలో కనిపించకపోతే, ఏఆర్ఎన్ అనే 23 అంకెల నంబరు అడగాలి. కార్డు లావాదేవీని బ్యాంకు వెతికి పట్టుకునేది దానితోనే. యూరోల్లో వచ్చిన వాపసు జమయ్యే రోజు మారకం ధరకు రూపాయల్లోకి మారుతుంది కాబట్టి కట్టిన రోజు లెక్కతో సరిపోదు. కట్టినప్పుడు బ్యాంకు వేసిన విదేశీ మారకపు రుసుమును హోటల్ తిరిగి ఇవ్వదు, ఎందుకంటే అది హోటల్‌కు చేరనే లేదు. ఆ తేడాను కంపెనీ లెక్కల్లో మారకపు నష్టంగానో, బ్యాంకు ఛార్జీగానో విడిగా రాసుకోవాలి.